జబ్బ కొలత: టేపు చెప్పేదెంత, పర్సెంటైల్ చెప్పేదెంత

అంగన్‌వాడీలో పిల్లల జబ్బకు చుట్టే మూడు రంగుల టేపును శ్రీకాకుళం పల్లెల్లో చూడనివాళ్లు తక్కువ. 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే ఎరుపు, 12.5 లోపు పసుపు, ఆ పైన ఆకుపచ్చ. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలందరికీ అవే గీతలు. ఆ వయసులో జబ్బ చుట్టుకొలత పెద్దగా మారదు కాబట్టి అలా కుదిరింది. పెద్దవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఇంత సులువుగా ఉండదు. ఆడా మగా తేడా ఉంటుంది, వయసు తేడా ఉంటుంది, చేసే పనిని బట్టి కండ తేడా ఉంటుంది. అందుకే పెద్దవాళ్లకు టేపుతో పాటు చర్మపు మడతను కొలిచే కాలిపర్ కూడా వాడతారు. వచ్చిన అంకెలను వయసు, లింగం వారీగా వేసిన పర్సెంటైల్ పట్టికలో పెట్టి చూస్తారు. కొలవడంలో జరిగే పొరపాట్లు కొన్నయితే, పట్టికలో పెట్టి చదవడంలో జరిగేవి అంతకంటే ఎక్కువ.

అసలు బరువు తూచే మిషన్ ఉండగా జబ్బ కొలవడం ఎందుకంటే, బరువు అబద్ధం చెప్పే మనుషులు కొందరున్నారు. ఉద్దానంలో వాళ్లు మరీ ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బుతో డయాలసిస్ దాకా వచ్చినవాళ్ల ఒంట్లో నీరు చేరుతుంది. మిషన్‌కు నీరూ కండా ఒకటే. ఒంట్లో రెండు కిలోల కండ కరిగి దాని స్థానంలో రెండు కిలోల నీరు చేరితే బరువు అంగుళం కదలదు, దాంతో లెక్కగట్టే బీఎంఐ కూడా కదలదు. జబ్బలో నీరు చేరడం కాళ్లతో, ముఖంతో పోలిస్తే తక్కువ, ఆలస్యం కూడా. అందుకే అక్కడ కొలిస్తే ఒంటి సంగతి కాస్త నిజంగా తెలుస్తుంది.

ఒక మనిషిని ఊహించుకుని ఈ లెక్కంతా అతని మీదే నడిపిద్దాం. వయసు 52. కొబ్బరి పీచు ఒలిచే పని చేసేవాడు. ఎత్తు 163 సెం.మీ. వారానికి రెండుసార్లు డయాలసిస్. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా ఎడమ చేతికి ఉంది. డయాలసిస్ అయ్యాక బరువు 54 కిలోలు, ఆరు నెలల కిందటా 54 కిలోలే. బీఎంఐ 20.3, అంటే తక్కువ బరువుకు హద్దయిన 18.5 గీతకు పైనే. కేస్‌షీట్ ప్రకారం ఇతనికి ఏ లోటూ లేదు. ఇంట్లోవాళ్లు మాత్రం చొక్కా వదులైపోయిందని అంటున్నారు.

ఇతని జబ్బ కొలవాలంటే ముందు ఏ చెయ్యో తేల్చుకోవాలి. ఫిస్టులా ఉన్న చేతిని ముట్టుకోకూడదు. అక్కడ రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, సూది గుచ్చిన చోట వాపు ఉంటుంది, కొలత ఎక్కువగా వస్తుంది. పైగా ఆ చేతికి ఏదీ బిగించకూడదన్నది ఎలాగూ ఉన్న నియమమే. కాబట్టి కుడి చెయ్యి. ఒకసారి కుడి చెయ్యి కొలిస్తే ఎప్పుడూ కుడి చెయ్యే. పీచు ఒలిచేవాడి కుడి జబ్బకూ ఎడమ జబ్బకూ పనివల్లనే తేడా ఉంటుంది, ఇవాళ ఒకటీ రేపు ఒకటీ కొలిస్తే లేని మార్పు కనిపిస్తుంది. ఇక వేళ. డయాలసిస్ ముగిసి, ఓ పావుగంట కూర్చున్నాక కొలవాలి. ముందు కొలిస్తే చర్మం కింది నీరు మడతలోకి వస్తుంది. అలాంటి మడతను కాలిపర్ పట్టుకుంటే ముల్లు ఒకచోట నిలవదు, నీరు పక్కకు జారేకొద్దీ దిగుతూనే ఉంటుంది. కొలిచేవాళ్లకు నీరు ఇంకా ఉందని తెలిసేది అక్కడే.

తర్వాత జబ్బకు సరిగ్గా మధ్య ఎక్కడో వెతకాలి. కంటితో అంచనా వేసి గీత పెట్టడం మామూలుగా జరిగే తప్పు. మోచేతిని తొంభై డిగ్రీలు వంచి, అరచెయ్యి పైకి చూసేలా పట్టుకోమనాలి. వెనక నిలబడి రెక్క ఎముక గట్టు వెంట వేలు జరుపుకుంటూ పోతే భుజం అంచున ఎముక మూల తగులుతుంది. అక్కడ టేపు సున్నా. కింద మోచేతి ఎముక కొస దాకా ఎంతుందో చూడాలి. ఇతనికి 34 సెం.మీ. వచ్చిందనుకుంటే 17 దగ్గర పెన్నుతో గీత. జబ్బ గొట్టంలా ఒకే లావు ఉండదు, చర్మం కింద కొవ్వు కూడా భుజం వైపు పోయేకొద్దీ మందమవుతుంది. గీత రెండు సెంటీమీటర్లు పైకి పోతే మడత మందం మారిపోతుంది, మనం కొలిచేది వేరే చోటు అవుతుంది.

గీత పెట్టాక చెయ్యి దించి వదులుగా వేలాడదీయమనాలి. చాలామంది డాక్టరుగారి ముందు చెయ్యి బిగించి నిలబడతారు. రెండుసార్లు చెయ్యి ఊపమంటే వదులవుతుంది. సాగని టేపుతో, గీత మీదుగా, చేతికి అడ్డంగా చుట్టాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. టేపు కింద చర్మం గుంటపడితే బిగువు ఎక్కువైనట్టు, పక్క నుంచి వెలుతురు కనిపిస్తే వదులైనట్టు. టైలర్ దగ్గరి పాత గుడ్డ టేపు ఏళ్ల తరబడి సాగి ఉంటుంది, అది పనికిరాదు. ఆడవాళ్ల విషయంలో రవికె చెయ్యి పైకి మడిచి కొలవడం పెద్ద పొరపాటు. మడిచిన బట్ట జబ్బను నొక్కి కండను కిందికి తోస్తుంది. రవికె చెయ్యి తీసేసి కొలవాలి, అందుకు తెర కావాలి, కొలిచేది ఆడమనిషి కావాలి. జబ్బకు కట్టిన తాయెత్తు ఉంటే దాన్ని కూడా ఒక్క నిమిషం పక్కకు జరపాలి.

చర్మపు మడత కొలవడానికి మాత్రం కొలిచేవాళ్ల చెయ్యి తిరిగి ఉండాలి. అదే గీత ఎత్తులో జబ్బ వెనక వైపు, సరిగ్గా నడిమధ్యన, ఇంకో గుర్తు పెట్టాలి. దానికి ఒక సెంటీమీటరు పైన ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేళ్లతో చర్మాన్ని, దాని కింది కొవ్వుతో సహా, నిలువుగా పట్టి లాగాలి. కండ కూడా వేళ్లలోకి వచ్చిందేమోనని అనుమానం ఉంటే చెయ్యి ఒకసారి బిగించమనాలి. కండ అయితే వేళ్లలోంచి జారిపోతుంది. మడతను వదలకుండానే కాలిపర్‌ను గుర్తు దగ్గర పెట్టి, మీటను పూర్తిగా వదిలి, రెండు మూడు సెకన్లలో అంకె చదవాలి. ఇంకా ఆగితే కొవ్వు నలిగి అంకె తగ్గిపోతుంది. వదిలేసి మళ్లీ పట్టి మొత్తం మూడుసార్లు కొలవాలి, సగటు తీయాలి. మంచి కాలిపర్ ఎంత తెరిచినా ఒకే ఒత్తిడి, చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాములు, పెడుతుంది. చవక ప్లాస్టిక్ వాటిలో ఒత్తిడి వేలి బలాన్ని బట్టి ఉంటుంది. వాటితో కొలిచిన మడతను పట్టికలో పెట్టి పర్సెంటైల్ చెప్పడం తూనికరాయి లేని తక్కెడతో బంగారం తూచినట్టే.

మంచం పట్టినవాళ్లకు ఇదే పని పడుకోబెట్టి చెయ్యొచ్చు. గీత కోసం చెయ్యి పొట్ట మీద అడ్డంగా పెట్టించి, మడత కోసం పక్కకు ఒత్తిగిల్లిస్తే చాలు.

ఇప్పుడు మన మనిషి అంకెలు. ఆరు నెలల కిందట జబ్బ చుట్టుకొలత 25.2 సెం.మీ., మడత 9 మిల్లీమీటర్లు. ఇప్పుడు 23.4 సెం.మీ., 8 మిల్లీమీటర్లు. ఈ రెంటి నుంచి కండ ఎంతో రాబట్టాలి. జబ్బను ఒక గుండ్రటి దుంగ అనుకుంటే మధ్యలో ఎముక, దాని చుట్టూ కండ, బయట కొవ్వు పొర. వేళ్లతో పట్టిన మడతలో ఆ పొర రెండు వరుసలుగా ఉంటుంది. దుంగ అడ్డుకొలతలోనూ కొవ్వు రెండు పక్కలా వస్తుంది. అందుకే అడ్డుకొలతలోంచి ఒక మడత తీసేస్తే లోపలి కండ అడ్డుకొలత మిగులుతుంది. చుట్టుకొలతలో చెప్పాలంటే:

కండ చుట్టుకొలత = జబ్బ చుట్టుకొలత − (3.14 × మడత మందం)

మడతను మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్లకు మార్చుకోవాలి. హడావుడిలో తప్పు పోయేది ఇక్కడే. అప్పట్లో 25.2 − (3.14 × 0.9), అంటే దాదాపు 22.4 సెం.మీ. ఇప్పుడు 23.4 − (3.14 × 0.8), అంటే 20.9 సెం.మీ. కండ చుట్టుకొలత సెంటీమీటరున్నర తగ్గింది.

శాతంలో చూస్తే ఇది ఏడుకు అటూ ఇటుగా ఉంటుంది, చిన్నదే అనిపిస్తుంది. కానీ కండ ఉండేది గీతలా కాదు, అడ్డంగా కోసిన దుంగ ముఖంలా. దాని వైశాల్యం కావాలంటే చుట్టుకొలతను వర్గం చేసి 12.57తో భాగించాలి. అందులో ఎముక వాటాగా మగవాళ్లకు 10, ఆడవాళ్లకు 6.5 చదరపు సెంటీమీటర్లు తీసెయ్యాలి. అలా లెక్కేస్తే అప్పుడు 29.8, ఇప్పుడు 24.7 చదరపు సెంటీమీటర్లు. పోయిన కండ 17 శాతం. కిడ్నీ రోగుల్లో ఆరు నెలల్లో పది శాతం కండ తగ్గడాన్నే కండ కరుగుదలకు గుర్తుగా నిపుణులు లెక్కిస్తారు. ఇతను దాన్ని దాటిపోయాడు.

ఇది కొలతలో దొర్లిన తప్పు కాదని ఎలా చెప్పగలం? అలవాటైన మనిషి అదే చేతిని రెండుసార్లు కొలిస్తే చుట్టుకొలతలో రెండు మూడు మిల్లీమీటర్లు, మడతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ఆశ్చర్యపడక్కర్లేదు. మనుషులు మారితే తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి మడత 9 నుంచి 8కి తగ్గిందన్న మాటకు విలువ లేదు, అది తగ్గి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మడతలో ఒక మిల్లీమీటరు తప్పు వస్తే కండ చుట్టుకొలత 3 మిల్లీమీటర్లు అటో ఇటో అవుతుంది. ఇక్కడ పోయింది 15 మిల్లీమీటర్లు. తప్పులన్నీ ఒకే వైపు కలిసొచ్చినా అంత రాదు.

ఇంతవరకూ పట్టిక జోలికి పోలేదు, గమనించే ఉంటారు. ఇప్పుడు వెళ్దాం.

పర్సెంటైల్ అంటే ఏమిటో జేఈఈ పుణ్యమా అని ప్రతి ఇంట్లోనూ తెలుసు. అది మార్కుల శాతం కాదు, వరుసలో స్థానం. ఒకే వయసున్న వందమంది మగవాళ్లను సన్నజబ్బ నుంచి లావుజబ్బ దాకా నిలబెడితే, ఐదో పర్సెంటైల్ దగ్గర నిలబడ్డవాడి కంటే సన్నగా ఉన్నవాళ్లు ఐదుగురు. సాధారణంగా ఐదు కంటే కింద ఉంటే క్షీణత, 5 నుంచి 15 మధ్య ఉంటే తక్కువ, 15 నుంచి 85 దాకా మామూలు అని చదువుతారు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ వందమంది ఎవరు?

పోషకాహార విభాగాల్లో ఎక్కువగా కనిపించే పట్టిక ఫ్రిసాంచో అనే పరిశోధకుడు 1981లో ప్రచురించినది. దాని అంకెలు 1971 నుంచి 1974 దాకా అమెరికాలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలోవి. అందులో లెక్కలోకి తీసుకున్న 19 వేల పైచిలుకు మంది తెల్లజాతివాళ్లే. ఆ వరుసలో 45 నుంచి 54 ఏళ్ల మగవాడి జబ్బ మధ్యస్థం 32.2 సెం.మీ. ఐదో పర్సెంటైల్ 26.7. ఉద్దానంలో ఒళ్లొంచి పనిచేసే, ఏ రోగమూ లేని సన్నపాటి మనిషి జబ్బ 26 ఉంటే అది వింతేమీ కాదు. అతన్ని ఆ వరుసలో నిలబెడితే క్షీణించినవాడి కిందే లెక్క.

మన మనిషిని అందులో పెట్టి చూడండి. ఆరు నెలల కిందట 25.2, ఐదో పర్సెంటైల్ కింద. ఇప్పుడు 23.4, ఐదో పర్సెంటైల్ కింద. పట్టిక ప్రకారం ఏ మార్పూ లేదు! నేల మీదున్నవాడు ఇంకా కిందికి పడడానికి ఆ పట్టికలో మెట్లు లేవు. 17 శాతం కండ పోయిందన్న సంగతి ఆ ఒక్క గడిలోనే దాగిపోయింది. కేస్‌షీట్‌లో అసలు కొలతలు రాయకుండా ‘ఐదు లోపు’ అని మాత్రమే రాసి ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

పట్టిక పూర్తిగా పనికిరానిదా అంటే, కాదు. మడత దగ్గర చూడండి. ఆ వయసు మగవాళ్లలో ఇరవై ఐదో పర్సెంటైల్ 8 మిల్లీమీటర్లు, మధ్యస్థం 12. ఇతని మడత 8. అంటే కొవ్వు మామూలు పరిధిలోనే ఉంది. అదే కండ చుట్టుకొలతకు ఐదో పర్సెంటైల్ 23.9 అయితే ఇతనిది 20.9. ఒకే వరుసలో, ఒకే మనిషి, కొవ్వు మధ్యకు దగ్గరగా, కండ అట్టడుగున. తిండి మొత్తంగా చాలనివాడికి మామూలుగా కొవ్వు కూడా కరగాలి. కొవ్వు నిలిచి కండ ఒక్కటే పోతోందంటే మాంసకృత్తుల లోటు, వాపు కలిగించే రోగం, కదలిక లేకపోవడం, ఇలాంటి కారణాలు వెతకాలి. పట్టికను ఇలా వాడితే, అంటే మనిషిని మనిషితో కాక, అతని కొవ్వును అతని కండతో పోల్చడానికి వాడితే, దాని నుంచి పని జరుగుతుంది.

దీనికి తలకిందులైన కథ విజయనగరం టౌనులో సులువుగా దొరుకుతుంది. అరవై ఏళ్ల ఆవిడ, షుగరుంది, మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలదు. జబ్బ 29 సెం.మీ. అదే అమెరికా వరుసలో కూడా ఇరవై ఐదుకీ యాభైకీ మధ్య. టేపుతో ఆపేస్తే ‘బాగుంది’ అని రాసి పంపేస్తారు. మడత కొలిస్తే 30 మిల్లీమీటర్లు, డెబ్బై ఐదుకు చేరువ. లెక్కేస్తే కండ చుట్టుకొలత 19.6, పదో పర్సెంటైల్ దగ్గర. నిండుగా కనిపించే జబ్బలో కండ లేదు. ఈవిడ కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఊతం ఎందుకు తీసుకుంటుందో టేపు చెప్పలేదు, కాలిపర్ చెప్పింది.

ఇంకో తికమక శాతానికీ పర్సెంటైల్‌కూ మధ్య వస్తుంది. కొన్ని చోట్ల ఇంకా జెల్లిఫ్ అనే వైద్యుడి 1966 నాటి ప్రమాణాన్ని వాడతారు. అందులో మగవాడి జబ్బ 29.3 సెం.మీ. మన మనిషి 23.4ను దాంతో భాగిస్తే 80 శాతం. ‘ఎనభై’ అని కేస్‌షీట్‌లో చూసినవాళ్లు ఎనభయ్యో పర్సెంటైల్ అనుకుంటే ఇతను లావుపాటి జబ్బలవాళ్ల వరుసలో చేరిపోతాడు. అదే చెయ్యి, ఒక లెక్కలో ఎనభై, ఇంకో లెక్కలో ఐదు లోపు. అంకె పక్కన ఏ లెక్కో రాయకపోతే రెండూ అనర్థమే.

పట్టిక గొడవ లేకుండా ఒక్క గీతతో తేల్చే పద్ధతి కూడా ఉంది. మగవాళ్లకు 23, ఆడవాళ్లకు 22 సెం.మీ. అనేది వర్ధమాన దేశాల పెద్దవాళ్ల కొలతల మీద 1994లో తేల్చిన గీత. స్థూలంగా బీఎంఐ 18.5కు అది సాటి. నిలబడలేనివాళ్లకు, ఎత్తు బరువు తీసే వీలు లేని చోట ఇది నిజంగా అక్కరకొస్తుంది, మన దేహాలకు అమెరికా వరుస కంటే దగ్గరగానూ ఉంటుంది. కానీ మన మనిషి 23.4తో దీన్ని కూడా దాటేశాడు. బీఎంఐ బాగుందంది. ఒక్క గీత పద్ధతీ బాగుందంది. అమెరికా పర్సెంటైల్ అప్పుడూ బాగాలేదంది, ఇప్పుడూ బాగాలేదంది. నిజం పట్టుకున్నది మాత్రం అతని పాత కొలతే.

ఇక 54 కిలోల సంగతి. డయాలసిస్‌లో అదనపు నీరంతా తీశాక ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. ఆరు నెలల కిందట అది 54గా రాశారు. ఆ తర్వాత కండ కరిగింది. కరిగిన మేరకు డ్రై వెయిట్ తగ్గించి రాయాలి. రాయలేదు కాబట్టి ప్రతిసారీ 54 దగ్గరే ఆపేస్తున్నారు, కండ ఖాళీ చేసిన చోట నీరు మిగిలిపోతోంది. బీపీ మాత్రలు పెరిగాయా, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా అని అడిగితే ఇలాంటి మనుషుల్లో తరచూ ఔననే జవాబొస్తుంది. జబ్బ కొలత పోషణ గురించి తీసిందే అయినా ముందుగా పని చేయించేది ఇక్కడ, డ్రై వెయిట్‌ను డాక్టరు మళ్లీ చూడటంలో.

కండ ఎందుకు పోయిందన్నదానికి ఉద్దానంలో ముందు అడగాల్సింది పథ్యం గురించి. డయాలసిస్ మొదలుకాక ముందు కిడ్నీలకు బరువు కాకూడదని పప్పు, గుడ్డు, చేప తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక ఆ మాట తిరగబడుతుంది, ప్రతి విడతలోనూ రక్తంలోంచి అమైనో ఆమ్లాలు కొన్ని పోతాయి కాబట్టి కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఇతనికైతే 54 నుంచి 65 గ్రాములు. పాత పథ్యాన్నే నిష్ఠగా పాటిస్తూ గంజి, చోడి అంబలి, కాస్త కూర అన్నంతో గడిపేవాడికి అందులో సగం అందడమే కష్టం. పిండిపదార్థాలు అందుతున్నాయి కాబట్టి కొవ్వు పెద్దగా తగ్గలేదు. మడత 8 దగ్గర నిలబడడానికి ఇది సరిపోయే కారణమే. కాకపోతే జబ్బ కొలత దీన్ని రుజువు చెయ్యదు. ఇన్ఫెక్షన్ ఉందా, డయాలసిస్ చాలుతోందా, రక్తంలో ఆమ్లత పెరిగిందా అన్నవి పరీక్షలతోనే తేలాలి.

డాక్టరు డ్రై వెయిట్‌ను కొద్దికొద్దిగా 51.5కు దించి, తిండి మార్పించారనుకుందాం. మూడు నెలల తర్వాత ఇంట్లోవాళ్లకు కంగారు పుడుతుంది, రెండున్నర కిలోలు తగ్గాడని. టేపు 23.9 చూపిస్తుంది, మడత అదే 8. కండ చుట్టుకొలత 21.4, అంటే 5 మిల్లీమీటర్లు ఎక్కువ. ఈసారి కొలిచింది వేరే నర్సు అయితే దీన్ని లాభం కింద రాసుకోవడం తొందరపాటే. 5 మిల్లీమీటర్లు మనుషుల తేడాలో కొట్టుకుపోగలవు. మళ్లీ మొదటి నర్సు చేతే, కుడి జబ్బకే, డయాలసిస్ అయిన పావుగంటకే కొలిపించి, 23.9 పక్కన ఆ అంకె కూడా రాసి పెట్టాలి.